ముప్పై ఎనిమిది పేజీల న్యాయ సలహా బోర్డు ముందు రెండు పేజీలయ్యేటప్పుడు

బోర్డు సమావేశం ఎజెండాలో ఏడో అంశం: ‘ఆర్బిట్రేషన్ అవార్డుపై తదుపరి చర్య’. దానికి జతగా సీనియర్ న్యాయవాది ఇచ్చిన 38 పేజీల ఒపీనియన్. చర్చకు కేటాయించిన సమయం ఇరవై నిమిషాలు. బల్ల చుట్టూ ఏడుగురు డైరెక్టర్లు ఉన్నారు. ఒకరు ఇంజనీరు, ఒకరు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, ఒకరు వైద్యురాలు, మిగిలినవారు వ్యాపారం చూసుకునేవారు. న్యాయశాస్త్రం చదివినవారు ఒక్కరూ లేరు. అయినా కోర్టుకు వెళ్లాలా, డబ్బు కట్టాలా, రాజీ పడాలా అని తేల్చవలసింది వాళ్లే. న్యాయవాది సలహా ఇస్తారు, నిర్ణయం మాత్రం బోర్డుది.

ఆ 38 పేజీలకూ ఈ ఏడుగురికీ మధ్య ఒక చిన్న కాగితం ఉంటుంది. దాన్ని బోర్డు నోట్ అంటారు. కంపెనీ సెక్రటరీ గానీ, న్యాయ విభాగం అధిపతి గానీ దాన్ని రాస్తారు. దాన్ని ‘సంక్షిప్తం చేయడం’ అని పిలవడం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయని నా అభిప్రాయం. ఒపీనియన్‌ను కుదిస్తే చిన్న ఒపీనియన్ వస్తుంది. బోర్డుకు కావలసింది అది కాదు. ఏం తేల్చాలి, ఎప్పటిలోగా తేల్చాలి, ఏ దారిలో ఎంత పోవచ్చు, ఏది ఇంకా తెలియదు అనేవి వాళ్లకు కావాలి. ఇవన్నీ ఒపీనియన్‌లోనే ఉంటాయి, కానీ ఒకచోట ఉండవు.

## ఒపీనియన్ ఏ తీరులో ఉంటుంది, ఎందుకలా ఉంటుంది

మన దేశంలో న్యాయవాదులు ఇచ్చే ఒపీనియన్‌కు ఒక పాత మూస ఉంది. మొదట ‘క్వెరిస్ట్’ ఎవరో చెబుతారు. అంటే ప్రశ్న అడిగినవారు, ఇక్కడ కంపెనీయే. తరువాత న్యాయవాది చూసిన పత్రాల జాబితా, ఆపైన వాస్తవాలు, ఆపైన అడిగిన ప్రశ్నలు వస్తాయి. అక్కడినుంచి చట్టం, పాత తీర్పులు, వాటి అన్వయం పేజీలకు పేజీలు సాగుతాయి. చిట్టచివర నాలుగైదు పేరాల్లో జవాబులు ఉంటాయి.

ఇలా రాయడంలో తప్పేమీ లేదు. రేపు ఎవరైనా ‘ఈ మాట దేన్ని చూసి అన్నారు’ అని అడిగితే న్యాయవాది మెట్టు మెట్టుగా చూపించగలగాలి. అందుకే ఒపీనియన్ కారణాల నుంచి జవాబు వైపు నడుస్తుంది. బోర్డుకు రాసే నోట్ దానికి ఎదురు దిశలో నడవాలి. ముందు నిర్ణయం ఏమిటో చెప్పి, దానికి అవసరమైనంత మేరకే కారణాల్లోకి వెళ్లాలి.

‘మాకు అర్థం కాలేదు, సలహాదారులు చెప్పారు కదా అని సంతకం పెట్టాం’ అంటే డైరెక్టర్లకు రక్షణ దొరకదు. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ ప్రతి డైరెక్టరూ తగిన శ్రద్ధతో, నేర్పుతో, స్వతంత్ర వివేచనతో వ్యవహరించాలని చెబుతుంది. బోర్డు ప్రక్రియల ద్వారా తమకు తెలిసిన విషయంలో శ్రద్ధ చూపకపోతే స్వతంత్ర డైరెక్టర్లు కూడా బాధ్యులవుతారని 149వ సెక్షన్ 12వ ఉపవిభాగం అంటుంది. ఆస్ట్రేలియాలో సెంట్రో అనే ఆస్తుల సంస్థ విషయంలో 2011లో ఫెడరల్ కోర్టు ఇచ్చిన తీర్పు దీన్ని ఇంకా సూటిగా చూపుతుంది. ఏడాదిలోగా తీర్చవలసిన సుమారు 150 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల అప్పు లెక్కల్లో దీర్ఘకాలిక అప్పుగా పడింది. డైరెక్టర్లు దాన్ని గమనించకుండానే ఆమోదించారు. కాగితాల గుట్ట ముందు పెట్టారన్న వాదన కోర్టుకు నచ్చలేదు. తన ముందుకు ఏ సమాచారం ఏ రూపంలో రావాలో నియంత్రించే అధికారం బోర్డుకే ఉందని న్యాయమూర్తి అన్నారు. మంచి నోట్ కావాలని అడగడం కూడా డైరెక్టరు బాధ్యతలోదే.

## ఒక కేసు పట్టుకుని చూద్దాం

ఈ కంపెనీ ఊహించినది, అంకెలు లెక్క తేలికగా సాగేలా పెట్టుకున్నవి. చట్టం మాత్రం నిజమైనదే.

ఒక తయారీ కంపెనీ కొత్త షెడ్ల నిర్మాణాన్ని ఒక కాంట్రాక్టరుకు అప్పగించింది. పని ఆలస్యమైందని మధ్యలో కాంట్రాక్టు రద్దు చేసింది. కాంట్రాక్టరు ఆర్బిట్రేషన్‌కు వెళ్లాడు. అంటే కోర్టులో కాకుండా, ఒప్పందం ప్రకారం నియమించుకున్న మధ్యవర్తి ముందు తగవు తేల్చుకోవడం. ఆ మధ్యవర్తి ఇచ్చే తీర్పునే అవార్డు అంటారు. కంపెనీ పది కోట్ల రూపాయలు కట్టాలని అవార్డు వచ్చింది. కట్టేదాకా ఏడాదికి పది శాతం వడ్డీ కూడా వేశారు.

అవార్డు నచ్చకపోతే 1996 ఆర్బిట్రేషన్ చట్టం 34వ సెక్షన్ కింద దాన్ని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. ఇది అప్పీలు కాదు. డైరెక్టర్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. అప్పీలులో పై కోర్టు సాక్ష్యాన్ని మళ్లీ తూచి చూస్తుంది. 34వ సెక్షన్ కింద అలా చూడదు. మధ్యవర్తి సాక్ష్యాన్ని తప్పుగా అంచనా వేశారన్నా సాధారణంగా కలగజేసుకోదు. ప్రక్రియలో అన్యాయం, ప్రజా విధానానికి విరుద్ధం కావడం, అవార్డు ముఖం మీదే కనిపించే చట్టవిరుద్ధత లాంటి కొద్ది కారణాలకే ఆ తలుపు తెరుచుకుంటుంది.

ఒపీనియన్ చివరి పేరా ఇలా ఉందనుకుందాం: ‘పై కారణాల రీత్యా, అవార్డు ముఖం మీదే కనిపించే చట్టవిరుద్ధత దృష్ట్యా క్వెరిస్ట్‌కు 34వ సెక్షన్ కింద అవార్డును సవాలు చేయడానికి మంచి అవకాశం ఉన్నదని, నాకు చెప్పిన వాస్తవాలకు లోబడి, నా అభిప్రాయం.’

హడావిడిగా రాసిన బోర్డు నోట్ దీన్ని ఒక్క వాక్యం చేస్తుంది: ‘పది కోట్ల అవార్డును సవాలు చేయడానికి మంచి అవకాశం ఉందని సీనియర్ న్యాయవాది అభిప్రాయపడ్డారు.’ ఇందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. అయినా ఈ వాక్యం బోర్డును తప్పుదారి పట్టిస్తుంది. అందులో మూడు లోపాలున్నాయి.

## మొదటి లోపం: పందెం మీద ఉన్నది పది కోట్లు కాదు

ఒపీనియన్‌లో 22వ పేజీ నుంచి 31వ పేజీ వరకు చదివితే అవార్డులో మూడు భాగాలున్నాయని తెలుస్తుంది. చేసిన పనికి రావలసిన బిల్లులు ఆరు కోట్లు. యంత్రాలు, మనుషులు ఖాళీగా ఉన్నందుకు పరిహారం మూడు కోట్లు. తిరిగి ఇవ్వని సెక్యూరిటీ డిపాజిట్ ఒక కోటి.

బిల్లుల విషయంలో మధ్యవర్తి కొలతల పుస్తకాలు చూసి తేల్చారు. అది సాక్ష్యాన్ని తూచే పని కాబట్టి కోర్టు ముట్టుకోదని న్యాయవాది రాశారు. డిపాజిట్‌పై చెప్పుకోవడానికి వాదనే లేదన్నారు. ‘మంచి అవకాశం’ అన్నది నడిమి మూడు కోట్ల గురించి మాత్రమే. ఆలస్యం ఎవరివల్ల జరిగినా ఖాళీ సమయానికి పరిహారం ఉండదని ఒప్పందంలో ఒక నిబంధన స్పష్టంగా ఉంది. మధ్యవర్తి దాన్ని ప్రస్తావించనే లేదు. ఒప్పందంలోని మాటను పూర్తిగా పక్కన పెట్టి అవార్డు ఇస్తే అది చట్టవిరుద్ధత కిందికి వస్తుందన్నది వాదన.

అయితే కోర్టు ఆ మూడు కోట్ల భాగాన్ని మాత్రమే కోసి తీసివేయగలదా, లేక అవార్డు మొత్తాన్నీ ఉంచడమో తీసేయడమో చేయాలా అన్నది మరో ప్రశ్న. అవార్డును సవరించే అధికారం కోర్టుకు లేదని సుప్రీం కోర్టు 2021లో హకీం కేసులో చెప్పింది. గాయత్రీ బాలసామి కేసులో 2025 ఏప్రిల్ 30న రాజ్యాంగ ధర్మాసనం 4:1 మెజారిటీతో దీన్ని కొంత సడలించింది. విడదీయగలిగిన భాగాన్ని విడదీయవచ్చని, పరిమితమైన సందర్భాల్లో సవరించవచ్చని తేల్చింది. మన కేసులో మూడు భాగాలూ వేటికవే కాబట్టి ఈ తీర్పు కంపెనీకి పనికొస్తుంది. ఒపీనియన్‌లో ఇది ఆరు పేజీల చర్చ. బోర్డుకు ఒక్క వాక్యం చాలు: ‘మొత్తం అవార్డు పోయే అవకాశం దాదాపు లేదు. మూడు కోట్ల భాగం పోయే అవకాశం ఉంది.’

పది కోట్ల తగవు అనుకుని గదిలోకి వచ్చిన డైరెక్టరు ఈ వాక్యం చదవగానే అది మూడు కోట్ల తగవని గ్రహిస్తారు. ఏ భాగానికి ఏ అభిప్రాయమో విడదీసి డబ్బు పక్కన పెట్టడం నోట్ రాసేవారి మొదటి పని. నా అనుభవంలో ఎక్కువ సమయం పట్టేది కూడా దానికే.

## రెండో లోపం: ‘నాకు చెప్పిన ప్రకారం’ అన్న మాట వెనుక ఏముంది

ఆ చివరి పేరాలో ‘నాకు చెప్పిన వాస్తవాలకు లోబడి’ అనే ముక్క ఉంది. ఏ ఒపీనియన్‌లోనైనా ఇది ఉంటుంది. అందరూ దాన్ని మర్యాదకు రాసే మాటగా దాటిపోతారు. నిజానికి సలహా మొత్తం నిలబడిన పునాది ఏమిటో చెప్పే మాట అది. న్యాయవాది పత్రాలను పరిశోధించరు, కంపెనీ చెప్పింది నమ్మి సలహా ఇస్తారు. చెప్పినదాంట్లో ఒక్క తేదీ తప్పయినా సలహా పనికిరాకుండా పోవచ్చు.

మన కేసులో ఆ తేదీ ఇదే. 34వ సెక్షన్ కింద దరఖాస్తుకు గడువు, సంతకం చేసిన అవార్డు ప్రతి కంపెనీకి అందిన రోజు నుంచి మూడు నెలలు. ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు మరో ముప్పై రోజులు ఇవ్వవచ్చు. ఆ తరువాత ఒక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదు. ఈ చట్టంలో ఆ గడువు అంత గట్టిది. ‘అవార్డు ఫిబ్రవరి 11న అందినట్లు నాకు చెప్పారు’ అని ఒపీనియన్ నాలుగో పేజీలో ఉంది. ఆ లెక్కన గడువు మే 11. బోర్డు సమావేశం మే 5. అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

నోట్ రాసేవారు ఆ వాక్యం దగ్గర ఆగి, ఆఫీసు ఇన్‌వార్డు రిజిస్టరు తెప్పించి చూశారనుకుందాం. ఫిబ్రవరి 3 తేదీ కింద మధ్యవర్తి పంపిన కవరు నమోదై ఉంది. పక్కన ఎండీ కార్యాలయం గుమాస్తా పొట్టి సంతకం. ఫిబ్రవరి 11 అన్నది ఆ కవరు లీగల్ విభాగానికి చేరిన రోజు. అంటే అసలు గడువు మే 3. బోర్డు కూర్చునే సమయానికి రెండు రోజులు దాటిపోతుంది. పెద్ద సంస్థల విషయంలో, నిర్ణయం తీసుకోగల స్థాయి అధికారికి అందిన రోజే లెక్కలోకి వస్తుందని వాదించడానికి సుప్రీం కోర్టు 2005లో రైల్వేల కేసు ఒకదానిలో ఇచ్చిన తీర్పు ఉంది. కానీ ఎండీ కార్యాలయంలోనే అందినప్పుడు ఆ వాదన ఎంత నిలుస్తుంది? గడువు విషయంలో వాదన మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకూడదు.

కాబట్టి నోట్‌లో మొదటి అంశంగా రావలసింది కేసు బలాబలాలు కాదు, ఈ తేదీ. బోర్డు ముందున్న దారులు రెండు. సమావేశాన్ని మే 3కు ముందుకు జరపాలి. లేదా హక్కు పోకుండా ముందు దరఖాస్తు వేసి ఉంచేందుకు అనుమతి ఇవ్వాలి. తరువాత రాజీ కుదిరితే దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. మామూలుగా బోర్డుకు ఏడు రోజుల నోటీసు ఇవ్వాలి గానీ, అత్యవసరమైతే తక్కువ వ్యవధిలో కూడా పిలవడానికి కంపెనీల చట్టం 173వ సెక్షన్ వీలు కల్పిస్తుంది.

ఒపీనియన్‌లో ‘నాకు చెప్పారు’, ‘నేను అనుకుంటున్నాను’, ‘పత్రం చూడలేదు’, ‘ఒకవేళ అలా అయితే’ అన్న ప్రతిచోటా పెన్సిలుతో గీత గీసి, వాటన్నిటినీ ఒక కాగితం మీదకు ఎక్కించడం నా అలవాటు. ఒక్కోదాని పక్కన ఎవరు సరిచూశారో, ఏ పత్రం చూసి సరిచూశారో రాస్తాను. సరిచూడలేనివి నోట్‌లో ‘ఇంకా తెలియనివి’ కింద చేరతాయి. ఒకసారి నేను పనిచేసిన ఒక సంస్థలో ఈ పని చేయకుండా నోట్ పంపాను. ఒప్పందానికి ఒక అనుబంధం ఉందని, అది న్యాయవాదికి ఇవ్వనేలేదని సమావేశం మధ్యలో ఒక డైరెక్టరు చెప్పారు. ఆ అంశం అక్కడితో వాయిదా పడింది. ఆయన గుర్తు చేయకపోయి ఉంటే తప్పు పునాది మీద తీర్మానం జరిగిపోయేది.

## మూడో లోపం: ‘మంచి అవకాశం’ అంటే నూటికి ఎంత?

అమెరికా గూఢచార సంస్థలో అంచనాల విభాగాన్ని నడిపిన షెర్మన్ కెంట్ 1964లో ఒక వ్యాసంలో ఒక సంగతి రాశారు. యుగోస్లావియా మీద దాడి జరిగే ‘గట్టి అవకాశం’ ఉందని 1951లో వాళ్లు ఒక నివేదిక ఇచ్చారు. ఆ మాటతో మీ ఉద్దేశం ఎంత శాతం అని కెంట్ తన తోటివారిని అడిగితే 20 నుంచి 80 దాకా రకరకాల జవాబులు వచ్చాయి. ఆయన మనసులో ఉన్నది 65. అందరూ కలిసి ఒప్పుకున్న మాటకే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో అర్థం ఉంది.

న్యాయ సలహాల్లోనూ ఇదే జరుగుతుంది. ‘వాదించదగిన కేసు’ అంటే న్యాయవాదుల వాడుకలో చాలాసార్లు ‘నవ్వుల పాలు కాకుండా నిలబడి మాట్లాడవచ్చు’ అని మాత్రమే అర్థం, గెలుస్తామని కాదు. మామూలు పాఠకుడికి అదే మాట ధైర్యం కలిగిస్తుంది.

అంకె అడగాలా వద్దా అన్న దానిపై రెండు పక్షాలున్నాయి. రెండింటిలోనూ నిజం ఉంది. చాలామంది న్యాయవాదులు శాతం చెప్పడానికి ఇష్టపడరు. ఏ న్యాయమూర్తి ముందుకు వస్తుందో, అవతలివారు ఏం చూపిస్తారో తెలియకుండా 60 అంటే, లేని కచ్చితత్వాన్ని ఉన్నట్టు చూపినట్టవుతుంది. పైగా ఆ అంకెనే రేపు పట్టుకుని నిలదీస్తారు. రెండో పక్షం మాట ఏమిటంటే, అంకె ఇవ్వకపోయినా వినేవాళ్లు తమ మనసులో ఒక అంకె వేసుకునే తీరతారు. ఏడుగురు డైరెక్టర్లు ఏడు అంకెలు వేసుకుని ఒకే తీర్మానానికి చేతులెత్తితే, వాళ్లు ఒప్పుకున్నది ఒకే విషయం కాదు. నాకు ఈ రెండింటి మధ్య దారి మేలనిపిస్తుంది. న్యాయవాదికి ఫోను చేసి ‘సగానికి పైనా, కిందా? మూడింట రెండు వంతులు అనవచ్చా?’ అని అడిగితే చాలామంది ఒక పరిధి చెబుతారు. ఆ పరిధిని వారు చెప్పినట్టుగానే, వారి ఆమోదంతోనే నోట్‌లో రాయాలి. సొంతంగా తర్జుమా చేయకూడదు.

ఆ పరిధి దేనికంత ముఖ్యమో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది.

## దారులు, ఒక్కో దారికి పడే ధర

కాంట్రాక్టరు వైపు నుంచి ఒక రాజీ ప్రతిపాదన వచ్చిందనుకుందాం: వెంటనే తొమ్మిది కోట్లు కడితే తగవు ముగిసినట్టే. సవాలు చేస్తే తేలడానికి మూడేళ్లు, కోర్టు ఖర్చులు 40 లక్షలు అనుకుందాం. అవార్డులో వేసిన వడ్డీ ఏడాదికి పది శాతం.

అవార్డు మొత్తాన్నీ సవాలు చేసి ఏమీ కట్టకుండా ఉంటే, మూడు కోట్ల భాగం గెలిచినా మిగిలిన ఏడు కోట్లపై మూడేళ్ల వడ్డీ రెండు కోట్ల పది లక్షలు పడుతుంది. ఖర్చులతో కలిపి మొత్తం తొమ్మిదిన్నర కోట్లు. ఓడితే పదమూడు కోట్ల నలభై లక్షలు. ఈరోజే పది కోట్లూ కట్టేస్తే పది కోట్లతో పోతుంది. అంటే గెలిచినా మిగిలేది యాభై లక్షలే, ఓడితే పోయేది అదనంగా మూడు కోట్ల నలభై లక్షలు. ‘సవాలు చేద్దాం’ అని సహజంగా నోటికి వచ్చే దారి ఇది. నోట్‌లో ఈ ఒక్క లెక్క ఉంటే చాలు, ఎవరూ దాన్ని ఎంచుకోరు.

రెండో దారిలో నెగ్గే వీలు లేని ఏడు కోట్లు ఇప్పుడే కట్టేసి, మూడు కోట్లను మాత్రం సవాలు చేస్తారు. గెలిస్తే ఖర్చులతో ఏడు కోట్ల నలభై లక్షలు, ఓడితే పదకొండు కోట్ల ముప్పై లక్షలు అవుతుంది. అయితే ఆ ఏడు కోట్లు కట్టడం అవార్డు మొత్తాన్ని ఒప్పుకున్నట్టు కాదని చెల్లింపు లేఖలో ఎలా రాయాలో న్యాయవాది చెప్పాలి. మూడో దారి తొమ్మిది కోట్ల రాజీ.

న్యాయవాది 60 శాతం అన్నారనుకుందాం. రెండో దారి సగటున సుమారు ఎనిమిది కోట్ల 96 లక్షలకు వస్తుంది. రాజీ తొమ్మిది కోట్లు. దాదాపు సమానం. న్యాయవాది మాటకు అర్థం 50 అయితే రెండో దారి తొమ్మిది కోట్ల 35 లక్షలవుతుంది, రాజీ చవక. 70 అయితే ఎనిమిది కోట్ల 57 లక్షలు, కోర్టు చవక. తక్కెడ ఒరిగే చోటు 59 శాతం దగ్గరుంది. ‘మంచి అవకాశం’ అన్న రెండు మాటలకు 50 అని అర్థం చేసుకున్నవారూ 70 అని అర్థం చేసుకున్నవారూ పరస్పరం విరుద్ధమైన నిర్ణయాలకు వస్తారు, ఇద్దరూ సలహాను పాటించామనే అనుకుంటారు.

ఈ లెక్కకూ హద్దులున్నాయి. కట్టకుండా ఉంచుకున్న డబ్బు మీద కంపెనీకి వచ్చే ఆదాయం ఇందులో కలపలేదు. అది కలిపితే కోర్టు దారులు రెండూ కొంత చవకవుతాయి, అవార్డు మొత్తాన్నీ సవాలు చేసే మొదటి దారి ఎక్కువగా. ఫైనాన్స్ అధిపతి ఆ పంక్తి చేర్చాలి. ఇక సగటు అనేది వంద కేసులున్న బీమా సంస్థకు సరిగ్గా పనికొస్తుంది. ఒక్క కేసున్న కంపెనీకి సగటు ఫలితం ఎప్పుడూ రాదు, వచ్చేది ఏడు కోట్ల నలభై లక్షలో, పదకొండు కోట్ల ముప్పై లక్షలో. ఆ రెండో అంకెను కంపెనీ తట్టుకోగలదా అన్నది న్యాయవాదిని అడిగే ప్రశ్న కాదు, బోర్డు తనను తాను అడగవలసింది.

ఇంకో చిక్కు స్టే. 34వ సెక్షన్ కింద దరఖాస్తు వేసినంత మాత్రాన అవార్డు అమలు ఆగిపోదు. 2015 సవరణ తరువాత 36వ సెక్షన్ కింద స్టే విడిగా అడగాలి. డబ్బుకు సంబంధించిన అవార్డయితే సొమ్ము డిపాజిట్ చేయమని కోర్టు సాధారణంగా షరతు పెడుతుంది. కోర్టులో కట్టిన సొమ్ముపై వడ్డీ పరుగు ఆగుతుందా అన్నది, అవతలివారు దాన్ని తీసుకోగలిగే స్థితిలో ఉన్నారా లేదా అనే దాని మీద ఆధారపడి తీర్పులు వేర్వేరుగా వచ్చాయి. ఒపీనియన్‌లో దీనికి జవాబు లేకపోతే నోట్ కూడా జవాబు కల్పించకూడదు. ‘ఈ ప్రశ్నకు న్యాయవాది నుంచి జవాబు రావలసి ఉంది, అది వస్తే రెండో దారి ధర 90 లక్షల దాకా మారవచ్చు’ అని రాయాలి. తెలియనిదాన్ని కూడా రూపాయల్లో చెబితే దానికోసం ఆగాలో వద్దో బోర్డు తేల్చుకోగలదు.

## అదే మాటను చదివే మరో పాఠకుడు

ఈ ఒపీనియన్‌ను బోర్డుతో పాటు ఆడిటరు కూడా అడుగుతారు. లెక్కల ప్రమాణం ఇండ్ ఏఎస్ 37 ప్రకారం, సొమ్ము బయటికి పోవడం పోకపోవడం కంటే ఎక్కువ సంభావ్యమైతే ఇప్పుడే ఖర్చుగా కేటాయింపు చూపాలి. అంతకంటే తక్కువైతే, కానీ మరీ దూరం కాకపోతే, వార్షిక లెక్కల నోట్స్‌లో ఆగంతుక బాధ్యతగా వెల్లడించాలి. మన కేసులో ఏడు కోట్లు మొదటి గుంపులోకి వస్తాయి. మూడు కోట్లు, 60 శాతం గెలుపు అంచనా నిజమైతే, రెండో గుంపులోకి వస్తాయి. బోర్డు నోట్‌లో ‘గెలుపు బలంగా ఉంది’ అని, ఆడిటరుకు ఇచ్చిన లేఖలో ‘ఓటమి సంభావ్యం’ అని ఉంటే ఆ రెండు కాగితాలూ తరువాత ఎప్పుడో ఒకే బల్ల మీద కలుస్తాయి. అందుకే నోట్ ఖరారు చేసే ముందు ఫైనాన్స్ విభాగం ఏ పదం వాడబోతోందో సరిచూసుకోవాలి.

## ఎవరు రాయాలి, సిఫారసు ఉండాలా

కాంట్రాక్టు రద్దు చేసిన ప్రాజెక్టు అధిపతి చేత నోట్ రాయిస్తే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా కలం సవాలు వైపే మొగ్గుతుంది. రాజీ అంటే తన నిర్ణయం తప్పని ఒప్పుకున్నట్టు ఆయనకు అనిపిస్తుంది. ఆయన వాస్తవాలు ఇవ్వాలి, నోట్ మరొకరు రాయాలి. రాసినదాన్ని న్యాయవాదికి పంపి ‘నా అభిప్రాయాన్ని ఇది సరిగానే చెబుతోంది’ అనే ఒక్క పంక్తి జవాబు తెప్పించుకుంటే మంచిది. న్యాయవాదులు ఇక్కడ రెండు మూడు మాటలు తప్పకుండా మారుస్తారు. ఆ మార్పుల్లోనే అసలు అభిప్రాయం బయటపడటం చాలాసార్లు చూశాను.

నోట్‌లో సిఫారసు చేయకూడదని కొందరు అంటారు. చేస్తే డైరెక్టర్లు చదవడం మానేసి దానికే ముద్ర వేస్తారని వారి భయం. సిఫారసు లేకుండా మూడు దారులు పరిచి పెడితే యాజమాన్యం తన పని తప్పించుకున్నట్టేనని మరికొందరి మాట. మొదటి వాదనలోని భయం నిజమైనదే. అయితే సిఫారసు పక్కనే ‘ఏ అంకె మారితే ఈ సిఫారసు మారుతుంది’ అని కూడా రాస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది. మన కేసులో ఆ వాక్యం ఇలా ఉంటుంది: ‘యాజమాన్యం రాజీని సిఫారసు చేస్తోంది. గెలుపు అవకాశం 60 శాతానికి తగ్గదని న్యాయవాది ధృవీకరించినా, కాంట్రాక్టరు తొమ్మిది కోట్ల కంటే ఎక్కువ అడిగినా, రెండో దారి మేలు.’ దీన్ని చదివిన డైరెక్టరుకు ఏ ప్రశ్న అడగాలో వెంటనే తెలుస్తుంది.

## అసలు ఒపీనియన్‌ను ఎక్కడ ఉంచాలి

నోట్ ఉందని ఒపీనియన్ దాచకూడదు. అడిగిన డైరెక్టరుకు మొత్తం అందుబాటులో ఉండాలి, నోట్‌లోని ప్రతి ముఖ్యమైన మాట పక్కనా అది ఏ పేరా నుంచి వచ్చిందో సంఖ్య ఉండాలి. కానీ అందరి మెయిళ్లకూ పంపడంలో ప్రమాదం ఉంది. న్యాయవాదికీ కక్షిదారుకూ మధ్య జరిగిన సంభాషణకు చట్టం రక్షణ ఇస్తుంది. పాత సాక్ష్య చట్టంలో 126 నుంచి 129 వరకు ఉన్న ఆ సెక్షన్లు 2024 జులై నుంచి భారతీయ సాక్ష్య అధినియమంలో 132 నుంచి 134 వరకు ఉన్నాయి. కంపెనీ జీతం మీద పనిచేసే న్యాయాధికారులకు 132వ సెక్షన్ రక్షణ వర్తించదని, 134వ సెక్షన్ కింద దొరికే పరిమితమైన రక్షణే ఉంటుందని సుప్రీం కోర్టు 2025 అక్టోబరు 31న స్పష్టం చేసింది. లోపలివారు రాసిన బోర్డు నోట్‌కు బయటి న్యాయవాది ఒపీనియన్‌కు ఉన్నంత గట్టి కవచం ఉంటుందని అనుకోవడానికి లేదు.

అందుకని మన బలహీనతల వివరణ ఒపీనియన్‌లోనే ఉంచి, నోట్‌లో నిర్ణయానికి కావలసినంతే రాయాలని జాగ్రత్తపరులు చెబుతారు. మరీ తగ్గిస్తే డైరెక్టర్లకు ప్రమాదం తెలియకుండా పోతుంది, అప్పుడు 166వ సెక్షన్ ఎదురవుతుంది. ఈ రెండు బరువుల మధ్య ఎక్కడ నిలబడాలన్నది ప్రతి కేసులోనూ వేరు. మినిట్స్ విషయంలో మాత్రం వాడుక దాదాపు స్థిరపడింది. ఏ దారులు పరిశీలించారు, ఏ ప్రశ్నలు అడిగారు, ఒపీనియన్ తేదీ, తీర్మానం, ఎవరైనా విభేదిస్తే ఆ సంగతి నమోదు చేస్తారు. ‘ఫలానా భాగంలో మన వాదన బలహీనం’ అన్న వాక్యాన్ని అందులోకి ఎక్కించరు. సమావేశం ముగిశాక బల్ల మీద మిగిలిన నోట్ ప్రతులను లెక్కపెట్టి, ఇచ్చినన్ని తిరిగి వచ్చాయో లేదో చూసి, కంపెనీ సెక్రటరీ వాటిని ఫైలులో పెడతారు.